తప్పుకోండి, లెక్క అప్పగించి

చవితి మండపంలో అన్నదానం బాధ్యత ఒప్పుకున్నాక ఊరెళ్లాల్సి వస్తే తప్పుకోవడంలో తప్పేమీ లేదు. కానీ వాట్సాప్ గ్రూపులో ‘సారీ, కుదరదు’ అని పడేస్తే అందరూ చూస్తారు, ఎవరూ ముందుకు రారు. ముందు కమిటీ పెద్దకు ఫోన్ చేయాలి. పోయినేడు వడ్డనలో నిలబడ్డవాళ్లను విడివిడిగా అడిగి, ఒప్పుకున్న మనిషిని వంటమాస్టర్‌కు స్వయంగా పరిచయం చేయాలి. అసలు చిక్కు ఆ తర్వాతే. మాస్టర్‌కు అడ్వాన్సు ఎంతిచ్చాం, టెంట్‌హౌస్ నుంచి ఏ గుండిగలు రావాలి, బియ్యం బస్తా ఇస్తానన్నది ఎవరు... ఇవన్నీ మన బుర్రలోనే ఉంటాయి. కాగితం మీద పెట్టకపోతే, పప్పు ఉడికే వేళకు కొత్తాయన మనకే ఫోన్ చేస్తాడు, మనం పెళ్లి పందిట్లో ఉన్నా సరే. చేతిలో చందా డబ్బుంటే మాత్రం అతనికివ్వకండి. కమిటీ ముందు లెక్క చూపించి అప్పగించండి.