హామిద్ కాళ్లకు బూట్లు ఎవరు తొడిగారు?

లేపాక్షిలో మేము కొందరం విశ్రాంత ఉద్యోగులం కలిసి పిల్లల కోసం చిన్న పఠన మందిరం ఒకటి నడుపుతున్నాము. గడచిన రంజాన్ సెలవుల్లో హిందూపురం నుండి కొన్ని కథల పుస్తకాలు కొని తెచ్చాము. వాటిలో ప్రేమ్‌చంద్ ‘ఈద్గా’ కథకు బొమ్మల ప్రతి ఒకటి ఉన్నది. ఆరవ తరగతి చదివే అమ్మాయి దానిని ఒక్క పూటలో ముగించి, అట్ట మీది బొమ్మను మాకు చూపి అడిగింది: “దాదా, హామిద్‌కు చెప్పులే లేవని లోపల రాసినారు కదా. మరి ఈ బొమ్మలో బూట్లు ఎట్లా వచ్చినాయి?”

ఆ ప్రశ్నకు మా వద్ద సమాధానం లేకపోయింది. పుస్తకాన్ని ఎంచి తెచ్చినది మేమే. అట్ట చూసి ముచ్చటపడి తెచ్చాము గాని, అట్టను కథతో సరిపోల్చి చూడాలన్న ఆలోచన మాకు కలుగలేదు. ఆ పని పన్నెండేళ్ల పిల్ల చేసింది. ఆ సాయంత్రం కథనూ బొమ్మనూ పక్కపక్కన పెట్టుకొని కూర్చున్నాము. మాకు కనిపించినదానిని పాఠకుల ముందు ఉంచుతున్నాము.

ప్రేమ్‌చంద్ ఈ కథను 1933లో ప్రచురించాడు. మన తెలుగు రాష్ట్రాలలో పదవ తరగతి హిందీ పాఠంగా దీనిని చదువుకున్న పిల్లలు వేలాదిమంది ఉన్నారు. హామిద్ ఎట్లా ఉంటాడో రచయిత స్పష్టంగా చెప్పాడు. నాలుగైదేళ్ల పసివాడు. బక్కపలచని ఒళ్లు. ముఖంలోనే పేదరికం తెలుస్తుంది. కాళ్లకు ఏమీ లేవు. తలమీద పాత టోపీ, దాని జరీ నల్లబడిపోయింది. తండ్రి కలరాతో పోయాడు. తల్లి పాలిపోయి, ఏ జబ్బో తెలియకుండానే పోయింది. మిగిలినది నాయనమ్మ అమీనా ఒక్కతె.

మేము తెచ్చిన పుస్తకం అట్ట మీద ఉన్నవాడు పదేళ్ల కుర్రవాడు. బుగ్గలు నిండుగా ఉన్నాయి. తెల్లని కొత్త లాల్చీ, పైజామా, మెరిసే జరీ టోపీ, నల్లని బూట్లు. వెనుక పెద్ద గుంబజు, రెండు మీనార్లు గల మసీదు. ఆకాశంలో నెలవంక. చేతిలో మాత్రం పటకారు ఉన్నది.

వీటిలో ఏది తప్పో, ఏది చిత్రకారుని స్వేచ్ఛో వేరు చేసి చూడవలసి ఉన్నది. లాల్చీ రంగు కథలో లేదు, కనుక తెలుపు వేసినా నీలం వేసినా అడిగే హక్కు మనకు లేదు. టోపీ కథలోనే ఉన్నది, కనుక టోపీ వేయడం తప్పు కాదు. ఆ టోపీ జరీ నల్లబడినదని చెప్పిన తరువాత కూడా దానికి కొత్త మెరుపు అద్దడం తప్పు. రచయిత చెప్పని చోట చిత్రకారుడు తన ఇష్టం వచ్చినట్లు గీయవచ్చును. రచయిత చెప్పిన చోట దానిని కొట్టివేసే అధికారం అతనికి లేదు. ఈ ఒక్క కొలబద్దతోనే మేము ఆ అట్టను చూశాము.

బూట్ల సంగతి చూడండి. పండుగనాడు అమీనా మనసు ఎందుకు విలవిలలాడుతుంది? మూడు కోసుల దూరం పిల్లవాడు ఎట్లా నడుస్తాడు, కాళ్లు బొబ్బలెక్కుతాయి, చెప్పులైనా లేవే అని. బట్టలు కుట్టి తెచ్చుకున్న ఎనిమిది అణాలు ఖర్చయిపోగా ఆ ఇంట మిగిలినవి రెండే అణాలు. అందులో ఐదు పైసలు ఆమె సంచిలో, మూడు పైసలు హామిద్ జేబులో. తోటి పిల్లలు మిఠాయిలు తింటుంటే, మట్టి బొమ్మలు కొంటుంటే చూస్తూ నిలబడిన ఈ పిల్లవాడు, పెనం మీది రొట్టెలు తీసేటప్పుడు నాయనమ్మ వేళ్లు కాలుతున్నాయని తలచుకొని ఆ మూడు పైసలూ పెట్టి పటకారు కొన్నాడు. కథ బరువంతా ఆ మూడు పైసల మీదనే నిలిచి ఉన్నది. బూట్లు తొడుక్కున్న పిల్లవాడు పటకారు కొంటే అది బుద్ధిమంతుని కథ అవుతుంది. ఉత్తకాళ్లవాడు కొన్నాడు కనుకనే అది త్యాగం కథ అయినది. వయసు పెంచడం కూడా ఇట్లాంటి నష్టమే. పదేళ్లవాడు అవ్వ కష్టం తెలుసుకోవడం సహజం. నాలుగైదేళ్లవాడు తెలుసుకున్నాడు కనుకనే ఆ ముసలితల్లి కన్నీరు కార్చింది.

ఇక మసీదు, నెలవంక. కథలో నమాజు జరిగినది ఈద్గాలో. పైన చింతచెట్ల నీడ, కింద గచ్చు, దానిమీద పరచిన జంఖానా అని రచయిత వర్ణించాడు. గుంబజు లేదు. కథ పేరే ‘ఈద్గా’ అయినప్పుడు దానిని మసీదుగా మార్చడం ఎంత నిర్లక్ష్యమో చెప్పనక్కరలేదు. మా ఊరి పిల్లలకు ఈద్గా అంటే ఏమిటో తెలుసు. ఆరుబయలు, పడమటి వైపు ఒక గోడ. తెలియని పిల్లలకు ఆ అట్ట తప్పే నేర్పుతున్నది. నెలవంక మరింత విచిత్రం. పండుగ చంద్రుడు ముందురోజు సూర్యాస్తమయం తరువాత పడమట కాసేపు కనిపించి అస్తమిస్తాడు. హామిద్ పటకారుతో ఊరు చేరినది మరునాడు పగలు పదకొండు గంటలకు. ఆ వేళలో వాని తలమీద నెలవంక వెలగడం ఆకాశానికి సాధ్యం కాదు, చిత్రకారుని కుంచెకే సాధ్యం.

ఇంతకూ ఈ తప్పు ఎట్లా జరిగింది? బొమ్మలో సరిగా ఉన్నది ఏది? పటకారు ఒక్కటే. ‘జాతరలో పటకారు కొన్న ముస్లిం పిల్లవాని కథ’ అని ఎవరో ఒక్క వాక్యం చెప్పి ఉంటారు. ఆ వాక్యంలో ఉన్నదంతా అట్ట మీద ఉన్నది. కథ చదివితే తప్ప తెలియనిది ఒక్కటీ అట్ట మీద లేదు. అంటే చిత్రకారునికి కథ అందలేదు, కథా సారాంశం అందింది. మిగిలిన ఖాళీని ‘ముస్లిం’ అనే మాట నింపింది. ఆ మాట వినగానే చేయి దానంతట అదే గుంబజు గీసింది, నెలవంక గీసింది, పండుగ బట్టలు వేసింది. పాఠకులు తమ ఇళ్లలోని పుస్తకాలను ఇదే విధంగా పరీక్షించుకోవచ్చును. సారాంశంలో ఉన్నది సరిగా ఉండి, వర్ణనలో ఉన్నది తప్పి ఉంటే, ఆ బొమ్మ కథ చదవకుండా గీసినదని తెలుసుకోవచ్చును.

‘అట్ట అమ్మకం కోసం, కథ లోపల ఉన్నది కదా’ అని ఒక అంగడివారు మాతో అన్నారు. ఈ వాదం మన దేశానికి పరిమితమైనది కాదు. 2009లో అమెరికాలో జస్టిన్ లార్బలెస్టియర్ రాసిన ‘లయర్’ అనే నవలకు బ్లూమ్స్‌బరీ సంస్థ ఒక అట్ట సిద్ధం చేసింది. నవలలోని మైకా అనే అమ్మాయి నల్లజాతి తండ్రికి పుట్టినది, పొట్టి జుట్టుది. అట్ట మీద వేసినది పొడవైన, నున్నని జుట్టు గల తెల్ల పిల్లను. ఆ నవలలో మైకా అబద్ధాలకోరు. అట్ట చూసినవారు ‘నేను నల్లదానిని’ అని ఆమె చెప్పుకున్నది కూడా అబద్ధమేనేమో అని అనుమానించసాగారు. బొమ్మ కథ అర్థాన్నే తలకిందులు చేసింది. రచయిత్రి బహిరంగంగా అభ్యంతరం తెలిపింది, పాఠకులు నిరసించారు, పుస్తకం మార్కెట్లోకి రాకముందే అట్ట మారింది. మారిన అట్టతోనే పుస్తకం వెలువడింది. కనుక ‘ఇప్పుడేమి చేయగలం’ అనే మాట మేము అంగీకరించము.

ఈ విషయం లేపాక్షి వారం మేము చెప్పడంలో ఒక ఔచిత్యం ఉన్నది. మా ఊరి వీరభద్రాలయం కప్పు మీద పదహారవ శతాబ్దపు చిత్రాలున్నాయి. విజయనగర రాజోద్యోగి విరూపణ్ణను, అతని పరివారాన్ని అక్కడ చిత్రించారు. వారి తలల మీద పొడవైన కుళ్లాయిలు, ఒంటిమీద నిడుపైన కబాయిలు. ‘కుళ్లాయి’ అనే మాట పారశీకపు ‘కులాహ్’ నుండి, ‘కబాయి’ అరబ్బీ ‘ఖబా’ నుండి వచ్చినవి. గుడి కట్టించిన శివభక్తులు ఆ దుస్తులు ధరించి ఈనాటికీ కప్పు మీద నిలబడి ఉన్నారు. ఆ చిత్రకారుడు మతాన్ని చూసి బట్టలు తొడగలేదు. దర్బారులో వారు ఏమి తొడుక్కునేవారో అదే గీశాడు. ఐదు వందల ఏళ్ల నాటి కుంచెకు ఉన్న ఆ మాత్రం నిజాయితీ నేటి అట్టల మీద కనిపించకపోవడం విచారకరం.

అనంతపురం సీమలో టోపీని గుర్తుగా తీసుకొని మతం చెప్పబోతే తడబడక తప్పదు. గూగూడు కుళ్లాయిస్వామి పీరు మీది భక్తితో తమ బిడ్డలకు కుళ్లాయప్ప అని పేరు పెట్టుకున్న హిందూ కుటుంబాలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. దూదేకుల ఇళ్లలో చీర కట్టి, తెలుగు తప్ప వేరే మాట ఎరుగని ముస్లిం అవ్వలు ఉన్నారు. ఇట్లాంటి అవ్వ కథలో ఉంటే, అట్ట మీద కళ్లు మాత్రమే కనిపించే నల్లని బురఖా ఎందుకు వస్తున్నది? బురఖా ధరించే ఆడబిడ్డ కథ అయితే బురఖాయే వేయాలి, దానిని తొలగించడమూ అంతే తప్పు. మేము అడుగుతున్నది బురఖా వద్దనీ కాదు, కావాలనీ కాదు. కథలో ఎవరున్నారో వారిని గీయమని.

ఈ నేరం అంతా ఇతరులదేనని చెప్పుకుంటే అది ఆత్మవంచన అవుతుంది. మన సంస్థలు వేసే పుస్తకాలు, ప్రత్యేక సంచికలు తిరగేయండి. రైతు కథకూ, బీడీ కార్మికురాలి కథకూ, చదువు మానేసిన పిల్ల కథకూ అదే గుంబజు, అదే నెలవంక. మన ముఖాలను మనమే గుర్తుల వెనుక దాచుకుంటూ ఇతరులు మనలను గుర్తులుగా చూస్తున్నారని వాపోవడం న్యాయం కాదు.

కనుక ప్రచురణకర్తలను మేము అడిగేది కొద్దిపాటి పని. చిత్రకారునికి సారాంశం కాదు, కథ మొత్తం ఇవ్వండి. పాత్ర వయసు, ఒళ్లు, బట్టలు, కాళ్లు, చోటు, వేళ ఏ పుటలో ఎట్లా చెప్పబడినవో ఒక కాగితం మీద రాసి జతచేయండి. ‘ఈద్గా’కు ఆ కాగితం పది పంక్తులు మించదు. రచయిత జీవించి ఉంటే ముసాయిదా బొమ్మను అచ్చుకు ముందే ఆయనకు చూపండి. తప్పు బయటపడినప్పుడు తరువాతి ముద్రణలో అట్ట మార్చండి. గుమాస్తాగా మేము మూడు దశాబ్దాలు ఫైళ్లు సరిచూశాము. మూల కాగితం చూడకుండా సంతకం చేసినవాడే ప్రతిసారీ దొరికిపోయేవాడు.

ఆ పుస్తకాన్ని మేము అంగడికి తిరిగి ఇవ్వలేదు. ప్రచురణకర్తకు, తప్పులను వరుసగా పేర్కొంటూ ఉత్తరం రాశాము. పఠన మందిరంలో పిల్లలకు తెల్ల కాగితాలు ఇచ్చి, కథ చదివి అట్ట బొమ్మ వేయమన్నాము. అన్నింటిలోనూ గీతలు వంకరే. ఒకరు పటకారును హామిద్ భుజం మీద తుపాకీలా ఆనించారు, కథలో వాడు అట్లాగే పెట్టుకొని బడాయిగా నడిచాడు కనుక. ప్రశ్న అడిగిన అమ్మాయి చింతచెట్టు వేసింది, దాని కింద దుమ్ముకొట్టుకున్న రెండు ఉత్తకాళ్లు వేసింది. దానిని పుస్తకం అట్ట మీద అంటించి అలమరలో పెట్టాము.