జొన్నరొట్టె మంచిదే... వెంటనే టీ తాగకండి!

ప్రశ్న: నా వయసు 36. మాది పూర్తి శాకాహార కుటుంబం. నెలసరి అయిదు రోజులు ఉంటుంది, మొదటి రెండు రోజులు ఎక్కువగా అవుతుంది. ఆరు నెలల క్రితం హిమోగ్లోబిన్ 9.4 ఉందని ఐరన్ మాత్రలు ఇచ్చారు. నెల రోజులు వాడితే 10.6కు పెరిగింది. మలం నల్లగా రావడం, మలబద్ధకం ఉండటంతో మానేశాను. ఇప్పుడు మళ్లీ 9.5 ఉంది. రోజూ జొన్నరొట్టె, కందిపప్పు, తోటకూర తింటాను. బీట్‌రూట్, దానిమ్మ కూడా తీసుకుంటున్నాను. అయినా రక్తం ఎందుకు పట్టడం లేదు?
- ఒక సోదరి, పూడూరు, వికారాబాద్ జిల్లా

జవాబు: మీరు తినే తిండిలో పెద్ద లోపమేమీ లేదు. తిన్న ఐరన్‌లో ఒంటికి పట్టేది ఎంత, నెలనెలా బయటికి పోయేది ఎంత అన్నదే అసలు విషయం. ఇంటి జమాఖర్చుల్లాగా ఓసారి లెక్క వేసి చూద్దాం.

ముందు ఖర్చు. సాధారణంగా ఒక నెలసరిలో 30 నుంచి 40 మిల్లీలీటర్ల రక్తం పోతుంది. 40 మిల్లీలీటర్ల రక్తంలో దాదాపు 16 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. నెల మొత్తం మీద పంచితే రోజుకు అర మిల్లీగ్రాము పైచిలుకు. ఇది కాక చర్మం, పేగుల నుంచి రాలిపోయే కణాలతో ఆడామగా అందరికీ రోజుకు సుమారు 0.8 మిల్లీగ్రాములు పోతుంది. అంటే మీ వయసు స్త్రీకి రోజూ 1.4 మిల్లీగ్రాముల ఐరన్ రక్తంలోకి చేరితేనే లెక్క సరిపోతుంది.

ఇప్పుడు జమ. నాలుగు జొన్నరొట్టెలకు 200 గ్రాముల పిండి అనుకుంటే అందులో 8 మిల్లీగ్రాములు, 60 గ్రాముల కందిపప్పులో రెండున్నర, 100 గ్రాముల తోటకూరలో నాలుగున్నర. కాస్త అన్నం, మిగతావి కలిపితే రోజుకు 16 మిల్లీగ్రాములు. ఖర్చుకు పది రెట్లు ఉంది కదా అనిపిస్తుంది. కానీ ధాన్యాలు, పప్పులు, ఆకుకూరల్లోని ఐరన్ మాంసంలోని ఐరన్ అంత తేలిగ్గా పేగులోంచి రక్తంలోకి వెళ్లదు. గింజల్లో సహజంగా ఉండే ఫైటేట్లు దాన్ని పట్టి ఉంచుతాయి. అందుకే హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మన ఆహారంలోని ఐరన్‌లో స్త్రీలకు పట్టేది 8 శాతమేనని అంచనా వేసి, 2020 సిఫార్సుల్లో వారికి రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలంది. మగవారికి 19 చాలు.

మీ 16 మిల్లీగ్రాముల్లో 5 శాతమే పట్టిందనుకోండి, చేరేది 0.8. అంటే రోజూ లోటే. అదే 10 శాతం పడితే 1.6 చేరుతుంది. తిండి పెంచకుండానే జమ రెట్టింపయింది! ఈ తేడా మన వంటింట్లోనే ఉంది.

టీ ఎప్పుడు? జామ ఎప్పుడు?

భోజనంతో పాటు, లేదా చెయ్యి కడుక్కున్న వెంటనే టీ తాగే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. టీలోని టానిన్లు ఐరన్‌తో కలిసిపోయి, ఆ పూట పట్టే ఐరన్‌ను సగానికి పైగా తగ్గించగలవు. పాలు పోసినా ఈ గుణం పోదు. కాఫీ కూడా అంతో ఇంతో ఇలాగే చేస్తుంది. టీ మానక్కర్లేదు. భోజనానికీ టీకీ మధ్య కనీసం గంట, వీలైతే రెండు గంటలు ఎడం ఉంచండి.

దీనికి విరుగుడు సి విటమిన్. ఇది ఫైటేట్ల పట్టును సడలించి, ఐరన్‌ను పేగు పీల్చుకోగల రూపంలోకి మారుస్తుంది. అయితే అదే భోజనంలో ఉండాలి. పొద్దున తిన్న జామకాయ రాత్రి రొట్టెకు పనికిరాదు. అరచెక్క నిమ్మరసం కొంత మేలు చేస్తుంది గానీ, అంతకన్నా జామకాయలో, ఉసిరిలో సి విటమిన్ ఎన్నో రెట్లు ఎక్కువ. అన్నంతో పాటు జామపండు పెడితే ఐరన్ బాగా పడుతుందని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది. నిమ్మరసం పిండేది పప్పు పొయ్యి మీంచి దించాకే, ఎందుకంటే సి విటమిన్ వేడికి చెడిపోతుంది. పప్పులో చింతపండు ఉందిగా అనుకోవద్దు. పులుపున్నా అందులో సి విటమిన్ నామమాత్రమే.

మూడోది, పిండిని పులియబెట్టడం. రాత్రంతా పులిసిన జొన్న అంబలిలో, మొలకెత్తిన పెసల్లో ఫైటేట్లు కొంత తగ్గుతాయి. వారంలో కొన్ని రోజులైనా పొద్దున అంబలి తాగండి. ఇక బీట్‌రూట్, దానిమ్మల సంగతి. వాటి ఎరుపు రక్తానిది కాదు. 100 గ్రాముల్లో ఒక మిల్లీగ్రాము ఐరన్ కూడా ఉండదు. ఇష్టమైతే తినండి, వాటి మీద భారం వేయకండి.

మాత్ర ఎందుకు తప్పదు?

ఇంత చేసినా 9.5 నుంచి 12కు తిండితోనే ఎక్కడం కష్టం. 50 కిలోల స్త్రీకి హిమోగ్లోబిన్ ఒక గ్రాము పెరగాలంటే సుమారు 110 మిల్లీగ్రాముల ఐరన్ అదనంగా కావాలి. రెండున్నర గ్రాములకు 280 దాకా. తిండి మార్పుతో రోజుకు 0.2 మిగిలితే దానికి దాదాపు నాలుగేళ్లు పడుతుంది! తిండి నిలబెట్టేందుకు, మాత్ర పైకెక్కించేందుకు.

మీకు నెలలో 1.2 గ్రాములు పెరిగిందంటే మాత్ర చక్కగా పనిచేసినట్టే. మధ్యలో ఆపడంతోనే మళ్లీ పడిపోయింది. హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చాక కూడా నిల్వలు నిండడానికి మరో రెండు మూడు నెలలు వాడాలి. మలం నల్లబడటం పట్టని ఐరన్ వల్లే, భయం లేదు. మలబద్ధకం భరించలేకపోతే రోజు విడిచి రోజు వేసుకోవచ్చేమో డాక్టర్‌ను అడగండి. ఒక మాత్ర వేసుకున్నాక దాదాపు ఒక రోజు పాటు ఐరన్‌ను అడ్డుకునే హెప్సిడిన్ అనే హార్మోన్ ఒంట్లో పెరుగుతుంది. అందువల్ల ఎడం ఇస్తే ఒక్కో మాత్ర నుంచి ఎక్కువ పడుతుంది. నిమ్మనీళ్లతో వేసుకోండి. పాలతో, టీతో వద్దు.

ఇంకో మాట. మొదటి రెండు రోజులు ఎక్కువ అంటున్నారు. గంట రెండు గంటలకోసారి ప్యాడ్ మార్చాల్సి వస్తున్నా, రూపాయి బిళ్ళంత గడ్డలు పడుతున్నా, ఏడు రోజులు దాటుతున్నా అది అధిక రక్తస్రావమే. నెలకు 80 మిల్లీలీటర్లు పోతే రోజుకు కావలసింది 1.9 మిల్లీగ్రాములవుతుంది. పైన చెప్పిన 1.6 దానికి చాలదు. గర్భసంచిలో గడ్డలు, థైరాయిడ్ సమస్య ఉన్నాయేమో స్త్రీల వైద్యులకు చూపించుకోవాలి.

ఈసారి మాత్రలు మొదలుపెట్టిన నెలకు మళ్లీ పరీక్ష చేయించండి. సరిగ్గా వాడినా ఒక గ్రాము పెరగకపోతే మాత్రలు రెట్టింపు చేసుకోకండి. ఫెర్రిటిన్ పరీక్షతో నిల్వలెంతో తెలుస్తుంది. శాకాహారుల్లో బి12 లోపం కూడా తరచుగా కనిపిస్తుంది, అదీ చూడాలి. కొందరిలో పుట్టుకతో వచ్చే తలసీమియా లక్షణం కూడా హిమోగ్లోబిన్‌ను తక్కువగా చూపిస్తుంది. దానికి ఐరన్ మందు కాదు.