అడిగింది 610 గురించి, చెప్పింది చార్మినార్ గురించి

తెలంగాణ రాష్ట్రం 2014 జూన్ 2న ఏర్పడింది. ఆ వాదన అక్కడితో ముగిసింది గానీ, వాదించే క్రమంలో మనకంటుకున్న ఒక జబ్బు మాత్రం ఇంకా వదల్లేదు. అడిగిన ప్రశ్న ఒకటైతే, కష్టపడి నిరూపించేది ఇంకొకటి. 610 జీవో మీద దాదాపు ముప్ఫై ఏళ్ళు సాగిన రచ్చలో ఎక్కువ భాగం అసలు 610 జీవో మీద కానే కాదని నా అభిప్రాయం. ఈ తప్పు రెండు పక్షాలూ చేశాయి. నష్టపోయింది మాత్రం ఉద్యోగం రావాల్సి ఉండి రాని మనిషి.

ఈ మాట ఎందుకంటున్నానో తెలియాలంటే ముందు ఆ జీవో సంగతి చూడాలి. రాజ్యాంగంలోని 371-డి అధికరణ కింద 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. అది ఆంధ్రప్రదేశ్‌ను ఆరు జోన్లుగా విడగొట్టింది. ఐదు, ఆరు జోన్లు తెలంగాణవి. ప్రభుత్వోద్యోగాల ప్రత్యక్ష నియామకాల్లో ఎల్.డి.సి. స్థాయిలో 80 శాతం, ఆపై నాన్ గెజిటెడ్ పోస్టుల్లో 70 శాతం స్థానికులకు కేటాయించింది. పదేళ్ళయ్యాక, ఈ లెక్క తప్పి ఐదు, ఆరు జోన్లలో చేరినవాళ్ళను 1986 మార్చి 31 లోగా వాళ్ళ జోన్లకు పంపాలని ఎన్టీఆర్ ప్రభుత్వం 1985 డిసెంబర్ 30న ఇచ్చిన ఉత్తర్వే 610. అది అమలు కాలేదనే ఫిర్యాదుల మీద 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేశారు. తుది నివేదిక 2004లో వచ్చింది.

అంటే అసలు ప్రశ్న చాలా చిన్నది: ఫలానా పోస్టు ఉత్తర్వు ప్రకారం నింపారా, లేదా? ఇది లెక్క చూసి తేల్చుకునే విషయం. ఉదాహరణకి జోనల్ పోస్టులు పది ఉన్నాయనుకోండి. ఏడు స్థానికులకి. మిగిలిన మూడు మెరిట్ మీద అందరికీ, స్థానికులతో సహా. ఆ మూడింటికి మెరిట్‌లో ఇద్దరు స్థానికులు, ఒక స్థానికేతరుడు ముందున్నారంటే మొత్తం మీద స్థానికులు తొమ్మిది మంది, బయటివాడు ఒక్కడు కావాలి. కానీ ఆ మూడు పోస్టులనీ స్థానికేతరుల కోటాగా లెక్కగడితే స్థానికులు ఏడుగురే మిగులుతారు. రెండు ఉద్యోగాలు చడీచప్పుడు లేకుండా చేతులు మారిపోతాయి. ఈ పొరపాటు భాష్యాన్ని గిర్‌గ్లానీ ప్రత్యేకంగా ఎత్తిచూపారు.

మరి ఈ లెక్క అడిగినప్పుడు వచ్చిన జవాబులేమిటి? "హైదరాబాద్ అందరి చెమటతో పెరిగింది", "తెలుగువాళ్ళంతా ఒకటే కదా", "అడిగేవాళ్ళ నాయకులే ఇన్నాళ్ళూ మంత్రులుగా ఉన్నారు కదా". వీటిలో రెండు రకాలున్నాయి. మంత్రుల మాట వచ్చిందంటే చర్చ నాయకుల మీదికి పోతుంది, పోస్టుల సంగతి మరుగున పడుతుంది. దీన్ని ఇంగ్లీషువాళ్ళు రెడ్ హెర్రింగ్ అంటారు, మనం రామాయణంలో పిడకల వేట అంటాం. హైదరాబాద్ మాట వేరు. దానికి సాక్ష్యాలు తేవచ్చు, గట్టిగా నిరూపించనూ వచ్చు. కానీ నిరూపణ అయ్యాక చేతికొచ్చేది "నగరం అందరూ కట్టారు" అన్న ముగింపే. "పోస్టు సక్రమంగా నింపారు" అన్న ముగింపు దాన్నుంచి రాదు. ఇది అసంబద్ధ నిర్ధారణ. గౌతముడి న్యాయసూత్రాలు వాదంలో ఓటమికి గుర్తులుగా చెప్పిన ఇరవై రెండు నిగ్రహస్థానాల్లో 'అర్థాంతరం' ఒకటి. ప్రస్తుత విషయంతో సంబంధం లేని మాట ఎత్తడమే అది.

ఇక్కడ ఒకటి గమనించాలి. ఎదుటివాడి మాట మనకి వ్యతిరేకంగా ఉన్నంత మాత్రాన అసంబద్ధం అయిపోదు. "సచివాలయానికీ, శాఖాధిపతుల కార్యాలయాలకీ రాష్ట్రపతి ఉత్తర్వు 14వ పేరా మినహాయింపు ఇచ్చింది, మీరు చెప్పే పోస్టు వాటిలోది" అంటే అది సిసలైన జవాబు. "ఆ ఉద్యోగి అర్హత పరీక్షకి ముందు నాలుగేళ్ళూ ఇక్కడే చదివాడు, కాబట్టి స్థానికుడే" అన్నా అంతే. ఇవి నిజమైతే మన లెక్క మారుతుంది. లెక్కని మార్చగలిగిన మాట సంబంధం ఉన్న మాట. నిజమైనా అబద్ధమైనా లెక్క కదలదంటే, అది మోకాలికీ బోడిగుండుకీ ముడి పెట్టడమే.

అవతలి పక్షాన్నే అని ఊరుకోను. శ్రీకృష్ణ కమిటీ వినతిపత్రాలు అడిగిన 2010 వసంతంలో పార్సిప్పనీలో కొందరం మిత్రులం కూర్చుని ఒకటి తయారుచేశాం. ఉద్యోగాల భాగానికి మేం పెట్టుకున్న ప్రతిపాదన: "ఐదు, ఆరు జోన్లలో 1975 ఉత్తర్వును ఉల్లంఘించారు, 610 దాన్ని సరిచేయలేదు." ముసాయిదాలో ఆరు పేరాలొచ్చాయి. ఉత్తర్వు ఏం చెప్పింది, మెరిట్ పోస్టుల్ని స్థానికేతరుల కోటాగా ఎలా మార్చారు, గడువు దాటినా 610 ఎలా మూలపడింది అని మొదటి మూడు. సినిమాల్లో మా యాసని వెక్కిరించిన తీరు, బతుకమ్మకి దక్కని గౌరవం, కృష్ణా నీళ్ళు అని తర్వాతి మూడు. అన్నీ మాకు నిజాలే, అన్నీ గుండెకి దగ్గరివే.

మాలో ఒకాయన వృత్తిరీత్యా ఆడిటర్. ఆయన ఒకటే పని చేయించాడు. ప్రతి పేరా చివర "కాబట్టి" అని రాసి, దాని పక్కన ఆ ప్రతిపాదనని పెట్టి పైకి చదవమన్నాడు. మొదటి మూడూ సాఫీగా అతుక్కున్నాయి. "సినిమాల్లో మా యాసని వెక్కిరించారు, కాబట్టి 1975 ఉత్తర్వును ఉల్లంఘించారు" అనేసరికి గదిలో అందరం నవ్వాం. రాసిన మిత్రుడు మాత్రం నొచ్చుకున్నాడు. "అంటే ఇది అబద్ధమా అన్నా?" అన్నాడు. "అబద్ధమని ఎవరన్నారు తమ్మీ? ఇది వేరే కేసు. దీనికి వేరే ఫైలు తెరువు" అన్నాడు ఆడిటర్. సంస్కృతి పేరాలు రెండూ కలిపి వివక్ష మీద వేరే భాగం చేశాం, నీళ్ళు నీళ్ళ భాగంలోకి పోయాయి. ఉద్యోగాల భాగం మూడు పేరాలకి తగ్గింది. ఉల్లంఘన చదివేవాడికి ఎదురుగా నిలబడింది. అంతకుముందు, మా వినతిని కొట్టెయ్యాలనుకున్నవాడు బతుకమ్మ పేరా మీద నాలుగు మాటలు మాట్లాడి, పోస్టుల లెక్క ముట్టుకోకుండానే తప్పించుకోగలిగేవాడు. మన వ్యాసంలో మనమే పిడకలు పరిస్తే అవతలివాడు ఏరుకోడా!

ఈ పరీక్షకీ పరిమితులున్నాయి. నేపథ్యం చెప్పే పేరా నేరుగా "కాబట్టి"కి లొంగదు. జోన్లంటే ఏమిటో చెప్పకపోతే తర్వాతి పేరా అర్థం కాదు గనక అది ఉండాల్సిందే. అలాంటి పేరాని తీసేసి చూడండి. తర్వాతిది కూలితే ఉంచండి, కూలకపోతే తీసెయ్యండి. ఇంకో మోసం కూడా ఉంది. పేరాని వదులుకోలేక ప్రతిపాదననే సాగదీస్తాం. "ఉత్తర్వును ఉల్లంఘించారు" కాస్తా "తెలంగాణకి అన్నిటా అన్యాయం జరిగింది" అయిపోతుంది. దానికి ఏ పేరా అయినా అతుకుతుంది, కానీ పోస్టు విషయంలో ఎవరినీ నిలదీయడానికి పనికిరాదు.

తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ఏడు జోన్లు పెట్టింది, స్థానికుల వాటా 95 శాతం చేసింది. దీని మీదా గొడవలొస్తాయి. అప్పుడు ఎవరైనా చరిత్ర మొదలెడితే ఓపిగ్గా వినండి, విన్నాక ఒక్కటే అడగండి: "సరే, కాబట్టి ఆ పోస్టు ఎవరిది?"