భూకంపమే మొదటి హెచ్చరిక



హిందూ మహాసముద్రంలో పుట్టే సునామీలను పసిగట్టే కేంద్రం మన హైదరాబాదులోనే ఉంది. ఇన్‌కాయిస్ అని పిలువబడే సముద్ర సమాచార సంస్థలో అది 2007 అక్టోబరు నుండి రాత్రింబవళ్ళు పనిచేస్తోంది. ఈ సంగతి విన్నవారు సాధారణంగా ఒక ప్రశ్న వేస్తారు. “తుఫాను వస్తుందని నాలుగు రోజుల ముందే చెబుతున్నారు కదా, సునామీ విషయంలో మాత్రం తీరప్రాంతాల వారికి నిమిషాల గడువే ఎందుకు దక్కుతోంది? ఇది యంత్రాల లోపమా, మనుషుల అలసత్వమా?” ఈ ప్రశ్నకు సరైన సమాధానం తెలిసిన కుటుంబానికీ, తెలియని కుటుంబానికీ ఒక ఆపద వేళ ప్రాణాలంత తేడా ఉండవచ్చు. కనుక దీనిని కాస్త నిదానంగా పరిశీలిద్దాం.

మొట్టమొదట ఉప్పెన వేరు, సునామీ వేరు అని గ్రహించాలి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తినది ఉప్పెన. దానిని తెచ్చింది తుఫాను గాలి. తుఫాను సముద్రం మీద పుట్టి, పెరిగి, తీరానికి చేరడానికి రోజులు పడుతుంది. ఆ ప్రయాణమంతా నేడు ఉపగ్రహాల కంటికి కనిపిస్తూనే ఉంటుంది. సునామీ అలా కాదు. అది చాలావరకు సముద్రగర్భంలో సంభవించే భూకంపం వల్ల పుడుతుంది. భూకంపం ఫలానా రోజున, ఫలానా గంటకు వస్తుందని ముందుగా చెప్పగల విద్య నేటివరకు ఎవరివద్దా లేదు. కాబట్టి సునామీ గడియారం భూమి కంపించిన క్షణం నుండే మొదలవుతుంది. అంతకుముందు ఒక్క నిమిషం కూడా మన లెక్కలోకి రాదు.

2004 డిసెంబరు 26, ఆదివారం నాటి ఘటననే ఉదాహరణగా తీసుకుందాం. ఇండోనేషియాలోని సుమత్రా ద్వీపానికి పడమరగా, సముద్రం అడుగున భూమి పైపొరకు చెందిన రెండు పెద్ద పలకలు కలుస్తాయి. పడమటి పలక తూర్పు పలక కిందికి ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున దిగిపోతూ ఉంటుంది. అయితే ఆ రెండూ ఒరుసుకునే చోట గట్టిగా పట్టుకుపోతాయి. అప్పుడు కిందికి దిగే పలక పై పలక అంచును కూడా తనతోపాటు లాక్కుపోతుంది. వంచి పట్టుకున్న వెదురుబద్దలా ఆ అంచు వందల ఏళ్ళపాటు వంగుతూనే ఉంటుంది. ఒకనాడు ఆ పట్టు సడలుతుంది. ఆనాడు మన కాలమానం ప్రకారం ఉదయం 6 గంటల 29 నిమిషాలకు సడలింది.

ఆ చీలిక ఒక్కచోటనే ఆగిపోలేదు. సుమత్రా వద్ద మొదలై ఉత్తరంగా నికోబార్, అండమాన్ దీవుల వైపు సుమారు 1,200 కిలోమీటర్లకు పైగా సాగింది. అందుకు దాదాపు పది నిమిషాలు పట్టింది. వంగిన అంచు పైకి ఎగసినచోట సముద్రపు నేల కొన్ని మీటర్ల మేర లేచింది. దానికి తూర్పున ఉన్న నేల కుంగింది. నేల లేచినప్పుడు దానిమీదనున్న కిలోమీటర్ల లోతు నీరంతా ఒక్కసారిగా పైకి లేస్తుంది. అలా లేచిన నీరు మళ్ళీ సర్దుకునే ప్రయత్నంలో రెండు దిక్కులకూ పరుగు తీస్తుంది. అదే సునామీ.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉంది. నేల లేచిన పడమటి దిక్కున, అంటే భారతదేశం, శ్రీలంకల వైపు, మొదట నీటి పొంగు బయలుదేరింది. నేల కుంగిన తూర్పు దిక్కున, అంటే సుమత్రా, థాయిలాండ్‌ల వైపు, మొదట నీటి పల్లం బయలుదేరింది. అందుకే థాయిలాండ్‌లో సముద్రం ముందుగా వెనక్కి తగ్గింది. చెన్నై తీరంలో మాత్రం నీరు నేరుగా పైకి వచ్చింది. “సముద్రం వెనక్కి పోతేనే సునామీ వస్తుంది” అన్న మాట సగం మాత్రమే నిజం. ఆ సూచన కోసం ఎదురుచూసేవారికి అది అసలు కనిపించకనే పోవచ్చు.

ఇక సముద్రాన్ని అది ఎలా దాటుతుందో చూద్దాం. గాలికి లేచే అలలు నీటి పైభాగాన్ని మాత్రమే కదుపుతాయి. సునామీ ఉపరితలం నుండి అడుగు వరకు నీటినంతటినీ కదుపుతుంది. కనుక దాని వేగం సముద్రపు లోతును బట్టి ఉంటుంది. లోతును మీటర్లలో తీసుకొని, దానిని 9.8తో గుణించి, వచ్చిన దానికి వర్గమూలం కడితే, సెకనుకు అది ఎన్ని మీటర్లు పోతుందో తెలుస్తుంది. నాలుగు కిలోమీటర్ల లోతులో లెక్కిస్తే సెకనుకు దాదాపు 198 మీటర్లు, అంటే గంటకు సుమారు 700 కిలోమీటర్లు. ఇది ప్రయాణికుల విమానపు వేగానికి దగ్గరగా ఉంటుంది. లోతు పది మీటర్లకు తగ్గినచోట దాని వేగం గంటకు 36 కిలోమీటర్లే.

ఇంత వేగంగా పోయే అల నడిసముద్రంలో కంటికి కనిపించదు. ఆ రోజు భూకంపం వచ్చిన సుమారు రెండు గంటలకు ఒక ఉపగ్రహం బంగాళాఖాతం మీదుగా వెళుతూ దాని ఎత్తును కొలిచింది. అది దాదాపు 60 సెంటీమీటర్లు మాత్రమే. ఒక శిఖరానికీ మరో శిఖరానికీ మధ్య వందల కిలోమీటర్ల దూరం ఉండడం వల్ల, దానిమీదనున్న ఓడ నెమ్మదిగా లేచి నెమ్మదిగా దిగుతుంది. నావికునికి ఏమీ తెలియదు. తీరం సమీపించి లోతు తగ్గేకొద్దీ అల ముందుభాగం నెమ్మదిస్తుంది, వెనుకభాగం మాత్రం ఇంకా వేగంగా వస్తూనే ఉంటుంది. దానితో నీరు గుట్టగా పోగుపడుతుంది. నాలుగు కిలోమీటర్ల లోతు నుండి పది మీటర్ల లోతుకు వచ్చేసరికి దాని ఎత్తు సుమారు నాలుగున్నర రెట్లు అవుతుంది. తీరం ఆకారాన్ని బట్టి, మూలస్థానం ఎంత దగ్గరగా ఉన్నదన్నదానిని బట్టి ఇంకా ఎంతో పెరగవచ్చు. పైగా అది మామూలు అలలా విరిగి వెనక్కి పోదు. నిమిషాల తరబడి నీరు లోపలికి వస్తూనే ఉంటుంది.

ఇప్పుడు కాలాన్ని లెక్కించుదాం. భూకంప కేంద్రం నుండి చెన్నైకి సుమారు 2,000 కిలోమీటర్లు. సముద్రపు లోతును బట్టి చూస్తే మూడు గంటల ప్రయాణం. కాని చీలిక ఉత్తరంగా నికోబార్ వరకు పాకినందున నీరు ఇంకా దగ్గరనుండే బయలుదేరింది. అందువల్ల సుమారు రెండున్నర గంటల్లోనే, తొమ్మిది గంటల ప్రాంతంలో, చెన్నైనీ విశాఖపట్నాన్నీ తాకింది. సుమత్రా కొసన ఉన్న బందా అచే పట్టణానికి మాత్రం దక్కినవి పదిహేను, ఇరవై నిమిషాలే.

ఆ నిమిషాల్లో శాస్త్రజ్ఞులు ఏం చేయగలిగారు? హవాయిలోని పసిఫిక్ సునామీ హెచ్చరిక కేంద్రం భూకంపం వచ్చిన పదిహేను నిమిషాలకు తొలి ప్రకటన వెలువరించింది. అందులో తీవ్రత 8.0 అని ఉంది. ఆ సమయానికే నీరు అచే తీరాన్ని సమీపించింది. భూకంపం వచ్చిన గంట తరువాత ఆ అంకెను 8.5గా సవరించారు. అసలు తీవ్రత 9.1 అని తరువాత తేలింది. అంకెల్లో తేడా స్వల్పంగా కనిపించినా, వెలువడిన శక్తిలో అది నలభై రెట్లకు పైమాట.

ఈ పొరపాటు అజాగ్రత్త వల్ల జరిగింది కాదు. తానును ఇంకా విప్పుతూ ఉండగానే బట్ట ఎన్ని గజాలో చెప్పమంటే ఎవరు చెప్పగలరు? పది నిమిషాలపాటు సాగిన చీలిక పూర్తి పరిమాణం దాని తొలి ప్రకంపనల్లో కనిపించదు. భూకంపం ఎక్కడ వచ్చిందో త్వరగా తెలుస్తుంది, ఎంత పెద్దదో ఆలస్యంగా తెలుస్తుంది. చెన్నై, విశాఖ విషయం వేరు. అక్కడ రెండున్నర గంటల గడువు ఉన్నా, సముద్రంలో నీటిని కొలిచే పరికరాలు లేవు, హెచ్చరికను అందుకొని ఊరూరా చేరవేసే ఏర్పాటూ లేదు. భారతదేశంలో పదివేలమందికి పైగా మరణించారు. మన ఆంధ్ర తీరంలోనూ వందమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

ఆ రెండవ లోపాన్ని సరిదిద్దడానికే హైదరాబాదు కేంద్రం ఏర్పడింది. నేడు భూకంపం వచ్చిన సుమారు పది నిమిషాల్లో తొలి ప్రకటన వెలువడుతుంది. నడిసముద్రపు నేలమీద ఉంచిన పరికరాలు పైనున్న నీటి బరువును కొలుస్తూ, కొన్ని సెంటీమీటర్ల మార్పును కూడా గుర్తించి, పైన తేలే బోయా ద్వారా ఉపగ్రహానికి తెలుపుతాయి. ఈ నిర్ధారణ ఎందుకు అవసరమో 2012 ఏప్రిల్ 11న తెలిసింది. ఆనాడు సుమత్రా సమీపంలోనే 8.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. అనేక దేశాల్లో హెచ్చరికలు జారీ అయ్యాయి. కాని అక్కడ నేల పైకి లేవలేదు, పక్కకు జరిగింది. కనుక పెద్ద సునామీ పుట్టలేదు. భూకంపపు తీవ్రత ఒక్కటే సంగతి చెప్పదు, నీటినే అడగాలి. అయితే ఆ నీరు పరికరం వద్దకు చేరే వరకు ఆగక తప్పదు.

ఇక కూడికలు, తీసివేతలు చేసి చూడండి. నీరు ఇరవై నిమిషాల్లో వచ్చే తీరంలో, తొలి ప్రకటనకే పది నిమిషాలు పోయాయి. అది అధికారులకు, అక్కడినుండి సైరన్‌కు, వీధికి చేరడానికి మరో అయిదు నిమిషాలు అనుకుందాం. పిల్లలనూ వృద్ధులనూ తీసుకొని ఎత్తైన చోటికి చేరడానికి మిగిలినవి అయిదు నిమిషాలు. యంత్రాలను ఎంత మెరుగుపరచినా సముద్రపు లోతూ మారదు, దూరమూ మారదు.

అయినా దారి లేకపోలేదు. భూకంప కేంద్రానికి అతి సమీపంలో సిమెలూ అనే ద్వీపం ఉంది. అక్కడి కొన్ని ఊళ్ళకు పది నిమిషాల్లోపే నీరు వచ్చింది. ఏ సైరనూ మోగలేదు. అయినా సుమారు 78 వేల జనాభాలో చనిపోయినవారు ఏడుగురే. 1907లో ఆ ద్వీపాన్ని ఇలాంటి ఉపద్రవమే ధ్వంసం చేసింది. దానిని వారు ‘స్మోంగ్’ అన్నారు. బలమైన కంపనం తరువాత సముద్రం వెనక్కి తగ్గితే వెంటనే కొండెక్కాలని తాతమ్మలు, అమ్మమ్మలు కథలుగా, పాటలుగా పిల్లలకు చెబుతూ వచ్చారు. దాదాపు వందేళ్ళ తరువాత కూడా ‘స్మోంగ్’ అన్న ఒక్క కేక విని ఊళ్ళకు ఊళ్ళు కొండలెక్కాయి.

దీని నుండి మన ఇళ్ళలో పిల్లలకు చెప్పవలసినవి రెండున్నాయి. అండమాన్, నికోబార్ వంటి చోట్ల సముద్రపు ఒడ్డున ఉండగా, నిలబడలేనంతగా గానీ, నిమిషానికి మించి గానీ భూమి కంపిస్తే, ఫోనులో సందేశం కోసం, సముద్రం వెనక్కి పోవడం కోసం ఎదురుచూడకుండా ఎత్తుకు నడవాలి. ఆ కంపనమే హెచ్చరిక. ఇక మచిలీపట్నం, కాకినాడ, విశాఖ వంటి మన తీరాల సంగతి వేరు. భూకంపం ఎంతో దూరాన వస్తుంది గనుక ఇక్కడ కంపనం స్వల్పంగా ఉండవచ్చు, లేదా తెలియకనే పోవచ్చు. మనకు ఆధారం అధికారుల ప్రకటనే. అందులో రెండు గంటల గడువు ఉంటుంది గనుక దానిని సందేహాలతో వృథా చేయరాదు.

ఎక్కడివారైనా మొదటి అల తగ్గగానే సామాను కోసమో, చూడాలన్న ఆసక్తితోనో తిరిగి ఒడ్డుకు వెళ్ళకూడదు. సునామీ ఒకే అల కాదు. అలలు గంటల తరబడి వస్తాయి, మొదటిదానికంటే తరువాతిది పెద్దదై ఉండవచ్చు. ప్రమాదం తొలగిందని అధికారికంగా ప్రకటించే వరకు ఎత్తైన చోటనే ఉండాలి.