ఫోన్ వినబడకపోతే మనిషి ఇంట్లో లేనట్టేనా? బ్లూటూత్ బీకన్లతో అసలు చిక్కు ఇదే

ఎండాకాలం కరీంనగర్‌లో రాత్రి రెండింటికి కూలర్ ఆగిపోతే ఇల్లంతా లేచి కూర్చుంటుంది. స్మార్ట్ ప్లగ్ పెట్టి "ఇంట్లో ఎవరూ లేకపోతే కూలర్ ఆపెయ్" అని రూల్ రాసుకున్న చాలా ఇళ్లలో ఈ గొడవ ఉంటుంది. బాపు మంచం మీదనే ఉంటాడు, ఫోన్ దిండు పక్కనే ఉంటుంది. సిస్టమ్ మాత్రం "బాపు బయటికి వెళ్లాడు" అని రాసేసుకుంటుంది. పొద్దున లేచి బీకన్ బాగోలేదని ఇంకో కంపెనీది ఆర్డర్ పెడతాం. అది వచ్చినా కథ మారదు.

నా అభిప్రాయం ఏంటంటే, చాలాసార్లు బీకన్ బాగానే ఉంటుంది, మనం రాసుకున్న లాజిక్‌లోనే తేడా ఉంటుంది. బ్లూటూత్ చెప్పగలిగేది "ఇప్పుడు సిగ్నల్ వినబడింది" అన్న ఒక్క మాటే. "మనిషి లేడు" అని అది ఎప్పుడూ చెప్పదు. వినబడకపోవడాన్ని మనమే లేకపోవడంగా రాసుకుంటున్నాం.

ఫోన్ ఎందుకు మంచి సాక్షి కాదు

సెటప్ రెండు రకాలుగా ఉంటుంది. మొదటి దాంట్లో గోడకు చిన్న బీకన్ పెడతాం, అది సెకనుకోసారి తన నంబర్ పంపుతుంది, ఫోన్‌లోని యాప్ దాన్ని వింటుంది. రెండో దాంట్లో ఇది తిరగబడుతుంది. ఫోన్ సిగ్నల్ పంపుతుంది, గోడ ప్లగ్‌లో ఉన్న ఈఎస్‌పీ32 బోర్డు వింటుంది.

మొదటి పద్ధతిలో భారమంతా ఫోన్ మీదే. బ్యాటరీ కోసం ఆండ్రాయిడ్ తక్కువ పవర్ మోడ్‌లో మొత్తం టైంలో పదోవంతు మాత్రమే చెవి తెరిచి పెడుతుంది. ఆండ్రాయిడ్ 8.1 నుంచి, ఏ బీకన్ కావాలో ఫిల్టర్ ఇవ్వని స్కాన్‌ని స్క్రీన్ ఆగగానే ఆపేస్తుంది. వీటికి తోడు, ఫోన్ కంపెనీలు సొంతంగా పెట్టే బ్యాటరీ సేవర్లు బ్యాక్‌గ్రౌండ్ యాప్‌నే మూసేస్తాయి.

రెండో పద్ధతిలో ఫోన్‌కి పని తక్కువే గానీ, అక్కడ వేరే గోడ ఉంది. యాప్ బ్యాక్‌గ్రౌండ్‌లోకి పోయాక ఐఫోన్ దాన్ని ఐబీకన్‌లా సిగ్నల్ పంపనివ్వదు. కోవిడ్ టైంలో దేశాలకే ఇది తలనొప్పి అయింది. 2020లో సింగపూర్ ట్రేస్‌టుగెదర్ యాప్ తెస్తే, ఐఫోన్ వాళ్లు మొదట్లో దాన్ని స్క్రీన్ మీద తెరిచే ఉంచాల్సి వచ్చింది. మన ఆరోగ్య సేతు అదే ఏడాది ఏప్రిల్ 2న వచ్చింది, బ్లూటూత్‌తో పాటు జీపీఎస్ కూడా వాడింది. ఆపిల్, గూగుల్ కలిసి ఆ పనిని ఆపరేటింగ్ సిస్టమ్‌లోకే తీసుకెళ్లాక గానీ బ్యాక్‌గ్రౌండ్ సమస్య సర్దుకోలేదు. అంటే మామూలు యాప్‌కి ఈ విషయంలో చేతులు కట్టేసి ఉంటాయన్నమాట.

ఒక్కసారి లెక్క వేసి చూద్దాం

బీకన్ సెకనుకోసారి పంపుతోంది, ఫోన్ పదోవంతు టైమే వింటోంది అనుకుందాం. ఒక్కో సిగ్నల్ దొరికే ఛాన్స్ 10 శాతం. మనం "30 సెకన్లు వినబడకపోతే లేనట్టే" అని పెట్టాం. ఆ 30లో ఒక్కటి కూడా దొరక్కుండా పోయే ఛాన్స్ ఇదీ:

```
0.9^30  = 0.042
0.95^30 = 0.21
0.95^300 = 0.0000002
```

మొదటి లైన్ ప్రకారం సుమారు 24 సార్లలో ఒకసారి అబద్ధం. రాత్రి 8 గంటల్లో 30 సెకన్ల ముక్కలు 960 ఉంటాయి, అంటే ఒక్క రాత్రిలో దగ్గర దగ్గర 40 సార్లు బాపు "బయటికి వెళ్తాడు". మధ్యలో ఇటుక గోడో, ఇనుప బీరువానో ఉండి సగం సిగ్నల్స్ పోతే రెండో లైన్ లెక్క. అయిదిట్లో ఒకటి అబద్ధం.

మూడో లైన్ చూడండి. అదే బీకన్, అదే గోడ, అదే ఫోన్. ఆగే టైం ఒక్కటే 30 సెకన్ల నుంచి 5 నిమిషాలకు పెంచాం. తప్పు ఛాన్స్ దాదాపు 50 లక్షల్లో ఒకటికి పడిపోయింది. ఇది ఉజ్జాయింపు లెక్కే, నిజంలో సిగ్నల్స్ గుంపులుగా కూడా పోతాయి. అయినా దారి ఎటువైపో తెలుస్తుంది. వెయిట్ చేయడానికి పైసా ఖర్చు లేదు.

అయితే దీనికి ఒక హద్దు ఉంది. ఫోన్ స్కాన్‌ని పూర్తిగా ఆపేస్తే ఎంతసేపు వెయిట్ చేసినా ఏం రాదు. అందుకే ముందు ఏ జబ్బో తెలుసుకోవాలి.

లాగ్ చూస్తే జబ్బు తెలుస్తుంది

హోమ్ అసిస్టెంట్‌లో బాపు ఫోన్ హిస్టరీ తెరిచి, రెండు రోజుల "away" గీతలు చూడండి. గీతలు ఎట్లా పడ్డాయన్న దాన్ని బట్టే కారణం దొరుకుతుంది.

చిన్న చిన్న గీతలు, ఎప్పుడు పడితే అప్పుడు, ఒకటి రెండు నిమిషాల్లో మళ్లీ "home" అవుతుంటే సిగ్నల్స్ మిస్ అవుతున్నట్టు. టైం పెంచితే పోతుంది.

స్క్రీన్ ఆగిన కొద్దిసేపటికి పోయి, పొద్దున ఫోన్ పట్టుకోగానే తిరిగొస్తే ఫోన్ యాప్‌ని నిద్రపుచ్చింది. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి బ్యాటరీ "Unrestricted" చేయాలి. అయినా తగ్గకపోతే పద్ధతే మార్చాలి.

దాదాపు పదిహేను నిమిషాలకోసారి ఫోన్ మాయమై, కొత్త పరికరం ఒకటి కనబడుతుంటే అది అడ్రస్ మార్పు. ప్రైవసీ కోసం ఫోన్లు బ్లూటూత్ అడ్రస్‌ని అట్లా మారుస్తుంటాయి. మ్యాక్ అడ్రస్‌తో ట్రాక్ చేసేవాళ్లకు ఇది తప్పదు.

ఇంట్లో అందరూ ఒకే సెకన్లో "బయటికి" పోతే ఎవరూ పోలేదు, వినే పెట్టెకి కరెంటు పోయింది. మే నెలలో గాలిదుమారం లేచినప్పుడు ఆదిలాబాద్ వైపు ఈ గీత బాగా కనబడుతుంది.

నేనైతే ఇట్లా కడతా

మొదటిది, వినే పని ఫోన్ నుంచి తీసేసి గోడ ప్లగ్‌కి ఇస్తా. ఈఎస్‌పీ32కి బ్యాటరీ బాధ లేదు, నిద్రపుచ్చేవాళ్లు లేరు. కానీ ఈఎస్‌పీహోమ్ కూడా మామూలుగా 320 మిల్లీసెకన్లలో 30 మాత్రమే వింటుంది, అదీ పదోవంతే. దాన్ని ఇట్లా పెంచొచ్చు:

```yaml
esp32_ble_tracker:
  scan_parameters:
    interval: 1100ms
    window: 1100ms
```

ఆ బోర్డులో వైఫైకి, బ్లూటూత్‌కి రేడియో ఒక్కటే. వైఫై తెగిపోతుంటే `window` తగ్గించండి.

ఇక ఫోన్ ఏం పంపాలి? ఐఫోన్ తనంతట తానే ఏవో సిగ్నల్స్ పంపుతూనే ఉంటుంది. దాని గుర్తింపు కీని ఒకసారి తీసుకుని హోమ్ అసిస్టెంట్‌లోని Private BLE Device కి ఇస్తే, అడ్రస్ ఎన్నిసార్లు మారినా గుర్తుపడుతుంది. ఆండ్రాయిడ్‌లో అయితే కంపానియన్ యాప్‌లో BLE Transmitter ఆన్ చేయాలి.

రెండోది, రావడానికి, పోవడానికి ఒకే రూల్ పెట్టను. ఒక్క సిగ్నల్ వినబడినా వచ్చినట్టే. పోయినట్టు ఒప్పుకోవాలంటే మాత్రం బ్లూటూత్, వైఫై రెండూ పది నిమిషాలు మౌనంగా ఉండాలి:

```yaml
template:
  - binary_sensor:
      - name: "Bapu Home"
        state: >
          {{ is_state('device_tracker.bapu_ble', 'home')
             or is_state('device_tracker.bapu_wifi', 'home') }}
        delay_off:
          minutes: 10
```

బాపు నిజంగా బయటికి పోతే కూలర్ ఇంకో పది నిమిషాలు తిరుగుతుంది. ఆ కరెంటు ఖర్చు రాత్రి నిద్ర ముందు ఎంత?

మూడోది, తలుపు. తలుపు తీయకుండా ఎవరూ పోలేరు. కానీ మన ఇళ్లలో పగలంతా ముందు తలుపు బార్లా తెరిచే ఉంటుంది, కాబట్టి డోర్ సెన్సర్ పగలు పనికిరాదు. రాత్రి గడియ పడ్డాక మాత్రం అదే అన్నిటికన్నా గట్టి సాక్షి. తలుపు మూసినప్పటి నుంచి మళ్లీ తెరవకపోతే, బ్లూటూత్ ఏం చెప్పినా "away" ని నమ్మొద్దని రూల్ రాస్తా.

నాలుగోది, కరెంటు. వినే పెట్టె `unavailable` అయితే దాన్ని "లేడు" అని చదవొద్దు, పాత స్థితినే పట్టుకోవాలి. కరెంటు వచ్చాక మొదటి 5 నిమిషాలు "ఎవరూ లేరు" రూల్స్ ఏవీ నడవకుండా ఆపాలి.

ఏ గదిలో ఉన్నాడన్నది వేరే లెక్క

ఇంట్లో ఉన్నాడా లేడా అన్నది ఇట్లా సెట్ అవుతుంది. ఏ గది, ఎన్ని మీటర్లు అంటే మాత్రం ఆశ తగ్గించుకోవాలి. యాప్‌లు చూపే దూరం ఈ ఫార్ములాతో వస్తుంది:

```
d = 10 ^ ((TxPower - RSSI) / (10 * n))
```

ఒక మీటర్ దగ్గర −59 వచ్చే బీకన్, `n` = 2 అనుకుంటే, −65కి 2 మీటర్లు, −75కి 6.3 మీటర్లు. పది డీబీ తేడాకే దూరం మూడింతలు దాటింది. ఆ పది డీబీ పడిపోవడానికి బాపు నడవాల్సిన పని కూడా లేదు. ఫోన్‌కి, బోర్డుకి మధ్య అటు తిరిగి పడుకుంటే చాలు, మనిషి ఒంట్లో ఉన్న నీళ్లే ఆ సిగ్నల్‌ని మింగేస్తాయి.

చివరి పది రీడింగ్‌ల మధ్య విలువ తీసుకుని, పక్క గది కనీసం 6 డీబీ ఎక్కువగా 15 సెకన్ల పాటు ఉంటేనే గది మార్చమంటే గంతులు చాలావరకు ఆగుతాయి. కానీ రాత్రంతా ఒళ్లు అడ్డంగా ఉంటే ఏ ఫిల్టరూ కాపాడదు. లైట్ల కోసం గది తెలియాలంటే అక్కడ మోషన్ సెన్సర్ పెట్టుకోవడమే మేలు.

"ఫోన్ ఎందుకు, తాళంచెవికి బ్లూటూత్ ట్యాగ్ తగిలిస్తే?" అని అడుగుతారు. సిగ్నల్ వరకు అది ఫోన్ కన్నా నిలకడగా ఉంటుంది, నిద్రపుచ్చే ఆపరేటింగ్ సిస్టమ్ దానికి లేదు. కానీ మన ఇళ్లలో బండి తాళంచెవి ఒకటే, అన్నదమ్ములిద్దరూ వాడతారు. అప్పుడు ట్యాగ్ చెప్పేది బండి సంగతి. ఫోన్ చార్జింగ్‌కి పెట్టి కూరగాయలకు పోయే అమ్మ విషయంలో ఫోన్‌దీ ఇదే కథ.

అటెండెన్స్‌కి మాత్రం వద్దు

బీకన్ పెట్టి ఫోన్లతో క్లాస్ అటెండెన్స్ తీసుకుందామని మినీ ప్రాజెక్టుల్లో ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అంటారు. ప్రాజెక్టుగా చేయండి, బాగుంటుంది. నిజం రిజిస్టర్‌గా వాడొద్దు. జేఎన్‌టీయూహెచ్‌లో 75 శాతం లేకపోతే కండోనేషన్ కట్టాలి, 65 కన్నా తగ్గితే ఆ సెమిస్టర్ పరీక్షే లేదు. ఇంట్లో తప్పు "away" వస్తే కూలర్ ఆగుతుంది, ఇక్కడ సెమిస్టర్ పోతుంది. పైగా తగ్గేది ఎవరికి? బ్యాటరీ సేవర్ గట్టిగా నొక్కే తక్కువ ధర ఫోన్ ఉన్న పిల్లోడికి. ఫ్రెండ్ చేతికి ఫోన్ ఇచ్చి సినిమాకి పోయినోడికి మాత్రం నిండు హాజరు.

కాబట్టి నా రూల్ సింపుల్. సిగ్నల్ వినబడితే వెంటనే నమ్మండి, వినబడకపోతే ఇంకో సాక్షిని అడగండి. ఆ రెండో సాక్షి లేనిచోట బ్లూటూత్ మాట మీద ఏదీ ఆపొద్దు, ఎవరికీ ఆబ్సెంట్ వేయొద్దు.