ఫ్లెక్సీ మీద వీరుడు.. గెజిట్‌లో ఉన్నాడా?

ఎన్నికలొస్తే బోధన్ ప్రాంతంలో వినిపించే హామీల్లో చాలావాటిని మనమే కళ్లతో చూసి తేల్చుకోవచ్చు. షక్కర్‌నగర్ నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ తెరిపిస్తామన్నారా? గేటు దాకా వెళ్తే సరి, 2015 చివర్లో పడ్డ తాళం ఉందో ఊడిందో తెలిసిపోతుంది. కానీ ‘దేశం కోసం యుద్ధంలో ప్రాణాలకు తెగించి పోరాడిన వీరుడు’ అని ఫ్లెక్సీ కడితే వెళ్లి చూడ్డానికి గేటేమీ ఉండదు. యుద్ధం ఎక్కడో జరిగింది, ఎప్పుడో జరిగింది. పైగా సైనికుడిని ప్రశ్నించడం తప్పేమోనన్న మొహమాటం.

ఆ మొహమాటం అక్కర్లేదని నా అభిప్రాయం. సైన్యమంత పద్ధతిగా కాగితం రాసే వ్యవస్థలు మన దేశంలో తక్కువ. శౌర్యానికి పతకం ఇస్తే దానికి తేదీ, పేరు, ర్యాంకు, యూనిట్ అన్నీ రాసిపెడతారు. నిజామాబాద్‌లో గది అద్దెకు తీసుకుని గ్రూప్స్‌కో, ఆర్మీ ర్యాలీకో తయారవుతున్న మీరు రోజూ నోటిఫికేషన్లు, గెజిట్లు చదివేవాళ్లే. అదే చదువును ఓటు వేసేముందు ఒక గంట వాడితే చాలు.

ముందు ప్రశ్నను విడగొట్టాలి

‘ఆయన మిలిటరీ మనిషట’ అన్న ఒక్క మాటలో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉంటాయి. సైన్యంలో పనిచేశారా? యుద్ధం జరిగినప్పుడు సర్వీసులో ఉన్నారా? ఆ యుద్ధంలో ప్రత్యేకంగా సాహసం చూపినట్టు రికార్డు ఉందా? మొదటిదానికి ‘అవును’ అని జవాబు రాగానే మిగతా రెండూ నిజమే అనుకోవడం మనం చేసే పొరపాటు.

మన రాష్ట్రం నుంచే ఉదాహరణ తీసుకుందాం. నీటిపారుదల శాఖ మంత్రి ఎన్.ఉత్తమ్‌కుమార్‌రెడ్డి భారత వైమానిక దళంలో ఫైటర్ పైలట్‌గా మిగ్‌-21, మిగ్‌-23 విమానాలు నడిపారని ఆయన పరిచయాల్లో ఉంటుంది. ఇది సర్వీసు గురించి చెప్పిన మాటే కానీ, యుద్ధ సాహసం గురించి చెప్పిన మాట కాదు. ఇప్పుడు తేదీలు పక్కపక్కన పెట్టండి. ఆయన పుట్టింది 1962లో. 1971 యుద్ధం నాటికి తొమ్మిదేళ్లు. కార్గిల్ యుద్ధం జరిగింది 1999 మే నుంచి జులై దాకా. ఆయన 1994లోనే కోదాడ అసెంబ్లీ స్థానంలో పోటీ చేశారు. అంటే ఈ రెండు యుద్ధాలూ ఆయన సర్వీసు కాలంలోకి రావు. ఎవరైనా అభిమాని ఉత్సాహం కొద్దీ ‘కార్గిల్ వీరుడు’ అని పోస్టు పెడితే, అది తప్పని చెప్పడానికి రహస్య ఫైళ్లేమీ అక్కర్లేదు, ఈ రెండు మూడు తేదీలు చాలు. అలాగని ఆ మధ్య కాలంలో సైన్యం ఖాళీగా ఉందనీ కాదు. 1984 నుంచి సియాచిన్, 1987-90లో శ్రీలంక ఉన్నాయి. తేదీల లెక్క ఒక తలుపు మూస్తుందే తప్ప అన్ని తలుపులూ మూయదు.

ఆయన పేరుకు ముందు ‘కెప్టెన్’ అని రాయడం కూడా చూస్తుంటాం. వైమానిక దళంలో ఉత్త ‘కెప్టెన్’ అనే ర్యాంకు లేదు. ఆర్మీ కెప్టెన్‌తో సమానమైన హోదాను అక్కడ ఫ్లైట్ లెఫ్టినెంట్ అంటారు. గ్రూప్ కెప్టెన్ అంటే మళ్లీ ఆర్మీ కర్నల్‌తో సమానం. కాబట్టి ఎవరి పేరు ముందైనా ‘కెప్టెన్’ అని కనిపిస్తే అది వాడుక పేరా, అధికారిక ర్యాంకా అన్నది పోస్టర్ చూసి తేలదు. అధికారుల నియామకాలు, పదోన్నతులు భారత ప్రభుత్వ గెజిట్ మొదటి భాగం, నాలుగో సెక్షన్‌లో అచ్చవుతాయి. తేలాల్సింది అక్కడ.

నిజమైన రికార్డు ఎలా ఉంటుంది?

సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు పేరు మీకు తెలుసు. 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్‌గా 2020 జూన్ 15న గాల్వాన్ లోయలో అమరుడయ్యారు. 2021 రిపబ్లిక్ డే సందర్భంగా మరణానంతరం మహావీర్‌చక్ర ప్రకటించారు. రక్షణ శాఖ నడిపే gallantryawards.gov.in లో ఆయన పేరు వెతకండి. పతకం పేరుతో పాటు ఆయన ఏ ఆపరేషన్‌లో ఉన్నారు, ఏం చేశారు అన్నది సైటేషన్‌లో ఉంటుంది. సైటేషన్ అంటే పతకం ఎందుకు ఇచ్చారో చెప్పే అధికారిక పేరా. మిగతా ఎవరి శౌర్యం గురించి విన్నా ఇదే కొలబద్ద: ఎవరు, ఏ యూనిట్, ఏ రోజు, ఎక్కడ, ఏం చేశారు. ఈ ఐదింటికీ జవాబు లేని వీరగాథ ఇంకా రికార్డు కానట్టే.

ఆ సైట్‌లో పేరు కనిపించకపోతే egazette.gov.in లో చూడాలి. శౌర్య పతకాలను రాష్ట్రపతి సచివాలయం నోటిఫై చేస్తుంది, అవి మొదటి భాగం, మొదటి సెక్షన్‌లో వస్తాయి. పాత గెజిట్లు స్కాన్ చేసిన కాగితాలు కాబట్టి పేరు కొట్టి వెతికితే దొరక్కపోవచ్చు. అందుకే ముందు ‘ఏ సంవత్సరం, ఏ పతకం’ అని అడిగి తెలుసుకోవాలి. అవార్డులు ఎక్కువగా జనవరి 26న, ఆగస్టు 15న ప్రకటిస్తారు. గెజిట్‌లో అచ్చయ్యేది ఆ తర్వాతి వారాల్లో, నెలల్లో. ఆ సంచికలు ఓపిగ్గా తిప్పాలి.

ఇక్కడే చాలామంది బోల్తాపడే చోటు ఒకటుంది. ఛాతీ మీద మెరిసే ప్రతి పతకమూ శౌర్య పతకం కాదు. పరమవీర్‌చక్ర, మహావీర్‌చక్ర, వీర్‌చక్ర శత్రువు ఎదుట చూపిన సాహసానికి ఇస్తారు. సంగ్రామ్ మెడల్ అలా కాదు, 1971 యుద్ధ సమయంలో సర్వీసులో ఉన్నవారికి ఇచ్చింది. కార్గిల్ తర్వాత ఇచ్చిన ఆపరేషన్ విజయ్ మెడల్ కూడా ఆ ఆపరేషన్‌లో పాలుపంచుకున్నారని చెబుతుంది, అంతే. వాటికి గౌరవం ఉంది, కానీ ‘సాహసానికి పతకం’ అని రాస్తే తప్పు. సేనా మెడల్ విషయంలో ఇంకో మెలిక ఉంది. దాన్ని శౌర్యానికీ ఇస్తారు, విశిష్ట సేవకూ ఇస్తారు. ఏ కోవలో వచ్చిందో అడగాలి.

మార్కోస్ కథ

ఇలా ఎవరూ అడక్కపోతే ఏమవుతుందో ఫిలిప్పీన్స్ చూసింది. ఆ దేశాన్ని 20 ఏళ్లు పాలించిన ఫెర్డినాండ్ మార్కోస్ రెండో ప్రపంచ యుద్ధంలో తాను వేలమంది గెరిల్లాలను నడిపానని, ముప్పైకి పైగా పతకాలు పొందానని చెప్పుకొన్నాడు. ఆయన రాజకీయ జీవితమంతా ఆ కథ మీదే నిలబడింది.

1982లో బోనిఫాసియో గిలేగో అనే మాజీ సైనిక అధికారి ఆ పతకాలను ఒక్కొక్కటిగా తీసి చూశాడు. ఆయన అడిగింది చాలా మామూలు ప్రశ్నలే. పతకం ఏ తేదీన ఇచ్చారు? సిఫార్సు చేసిన పై అధికారి ఎవరు? ఆ అధికారికి ఆ సంగతి గుర్తుందా? పతకాల్లో కొన్ని యుద్ధం ముగిసిన దాదాపు ఇరవై ఏళ్లకు, 1963లో వచ్చాయని తేలింది. అప్పటికి మార్కోస్ పెద్ద నాయకుడు. ఈ వ్యాసాలు అచ్చు వేసిన ‘వి ఫోరమ్’ పత్రికను ప్రభుత్వం మూయించింది, సంపాదకుడిని అరెస్టు చేసింది.

కానీ కాగితాలు ఇంకోచోట కూడా ఉన్నాయి. యుద్ధం ముగిశాక మార్కోస్ తన గెరిల్లా దళానికి గుర్తింపు ఇవ్వాలని అమెరికా సైన్యానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. వాళ్లు విచారించి అది మోసపూరితమైన దావా అని తిరస్కరించారు. ఆ ఫైళ్లు దశాబ్దాల పాటు అలాగే ఉండిపోయాయి. ఆల్ఫ్రెడ్ మెకాయ్ అనే చరిత్రకారుడి కంటపడ్డాక, 1986 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ వాటి గురించి రాసింది. మరో రెండు వారాల్లో అక్కడ అధ్యక్ష ఎన్నికలు.

గమనించాల్సింది ఏంటంటే, మార్కోస్ సైన్యంలో పనిచేయలేదని ఎవరూ అనలేదు. ఆయన బటాన్ యుద్ధంలో లెఫ్టినెంట్‌గా ఉన్నాడు. మొదటి ప్రశ్నకు నిజాయతీగా ‘అవును’ అనే జవాబు ఉంది. ఆ నిజం నీడలోనే మూడో ప్రశ్నకు అబద్ధపు జవాబు ఇన్నేళ్లు దాక్కుంది.

మన దగ్గర అడ్డంకులు

అఫిడవిట్‌లో దొరుకుతుందిలే అనుకోకండి. నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26లో ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు, వృత్తి ఉంటాయి. సైనిక పతకాలకు ప్రత్యేకంగా కాలమ్ లేదు. చట్టసభల వెబ్‌సైట్లలోని జీవిత విశేషాలు సభ్యులు ఇచ్చిన వివరాలతో రాసేవే.

సమాచార హక్కు దరఖాస్తుకు రూ.10 ఫీజు, జవాబుకు 30 రోజుల గడువు. అయితే ‘ఫలానా వ్యక్తి సర్వీసు రికార్డు మొత్తం ఇవ్వండి’ అని రాస్తే సెక్షన్ 8(1)(జె) కింద వ్యక్తిగత సమాచారమని తిప్పి పంపేస్తారు. ఉద్యోగి సర్వీసు వివరాలు ఆ కోవలోకే వస్తాయని 2012లో గిరీశ్ దేశ్‌పాండే కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అందుకే ప్రశ్న చిన్నగా ఉండాలి. ‘ఫలానా పేరు, ఫలానా యూనిట్‌కు చెందిన వ్యక్తికి ఫలానా ఏడాది వీర్‌చక్ర ఇచ్చినట్టు గెజిట్ నోటిఫికేషన్ ఉంటే దాని నంబరు, తేదీ తెలపండి’ అని రక్షణ శాఖను rtionline.gov.in ద్వారా అడగండి. అచ్చయిన నోటిఫికేషన్ ఎవరి రహస్యమూ కాదు.

సర్పంచ్, ఎంపీటీసీ అభ్యర్థుల్లో జవాన్లుగా చేసి వచ్చినవాళ్లూ ఉంటారు. సిపాయిల నియామకాలు అధికారుల నియామకాల్లా గెజిట్‌లో రావు, వాళ్ల పత్రాలు ఆయా విభాగాల రికార్డ్ ఆఫీసుల్లో ఉంటాయి. ఈఎంఈ, ఆర్డినెన్స్ కోర్ రికార్డ్ ఆఫీసులైతే మన సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. కానీ అక్కడిదాకా పోనక్కర్లేదు. పదవీ విరమణ చేసిన ప్రతి జవాను దగ్గరా డిశ్చార్జ్ బుక్ ఉంటుంది. చేరిన తేదీ, దిగిన తేదీ, ర్యాంకు, పతకాలు అన్నీ అందులో ఉంటాయి. శౌర్య పతకం వచ్చిందని ప్రచారం చేసుకునే అభ్యర్థిని ‘అన్నా, ఆ పేజీ ఒకసారి చూపిస్తావా’ అని అడగడం అవమానం కాదు. నిజంగా పతకం ఉన్న మనిషి సంతోషంగా చూపిస్తాడు.

చివరగా ఒక జాగ్రత్త. వెతికినా దొరకలేదంటే ‘అబద్ధం’ అని రాసేయకండి. సాహసం చేసినా సిఫార్సు చేసే అధికారి అదే పోరులో చనిపోతే పతకం రాకపోవచ్చు. చెప్పగలిగింది ఒక్కటే: ‘ఫలానా పతకాల జాబితాలో, ఫలానా సంవత్సరాల గెజిట్‌లో చూశాం, ఈ పేరు లేదు.’ అయితే ‘వీర్‌చక్ర గ్రహీత’ అని స్పష్టంగా రాసుకున్నప్పుడు మాత్రం సంగతి వేరు. వీర్‌చక్ర గెజిట్ లేకుండా రాదు. ఆ నోటిఫికేషన్ చూపించాల్సిన బాధ్యత ఫ్లెక్సీ కట్టినవాళ్లదే.