కళ్ల కింద గుంట: సూదికి ముందు అద్దం

ప్లేస్‌మెంట్ల సీజన్ దగ్గరపడే కొద్దీ మన గ్రూపుల్లో రెజ్యూమె టెంప్లేట్లతో పాటు ఇంకో రకం లింకులు కూడా తిరుగుతున్నాయి. ఎడమ పక్క గుంటలు పడ్డ కళ్లు, కుడి పక్క నిండుగా ఉన్న కళ్లు, మధ్యలో ఒక సూది. దాని పేరు టియర్ ట్రఫ్ ఫిల్లర్. "ఇంటర్వ్యూలో ఫ్రెష్‌గా కనిపించాలి కదా" అని మన వయసు వాళ్లే క్లినిక్‌లకి వెళ్లి రేట్లు కనుక్కుంటున్నారు. నేను దాన్ని పాపం అనట్లేదు. ఎవరి ముఖం వాళ్లిష్టం. నా వాదన రెండు ముక్కలే. మనకున్నది ఆ సూది తీర్చే సమస్యేనా అని ముందు తేల్చుకోవాలి. ఆ తర్వాత, "నచ్చకపోతే కరిగించేయొచ్చు" అని వాళ్లు చెప్పే మాట ఎంతవరకు నిజమో తెలుసుకోవాలి.

మొదటిది చూద్దాం. డార్క్ సర్కిల్స్ అని మనం ఒకే పేరుతో పిలిచేవాటిలో కనీసం మూడు వేరు వేరు సంగతులుంటాయి. ఒకటి నీడ. కంటి లోపలి మూల నుంచి బుగ్గ వైపు ఏటవాలుగా దిగే ఒక గాడి ఉంటుంది. అక్కడ చర్మాన్ని కింది ఎముకకు కట్టిపెట్టే ఒక లిగమెంట్ ఉండటం వల్ల ఆ చోటు లోతుగా కనిపిస్తుంది. పైనుంచి లైటు పడితే ఆ లోతులో నీడ పడుతుంది. రెండోది రంగు. అంటే చర్మంలోనే మెలనిన్ ఎక్కువగా ఉండటం. మన దగ్గర ఇది చాలా మామూలు, ఇళ్లలో తరతరాలుగా వస్తుంది కూడా. మూడోది, పల్చటి చర్మం కింద నుంచి రక్తనాళాలు, కండరం నీలంగా, ఊదాగా కనిపించడం. మన భాషలో చెప్పాలంటే మొదటిది జామెట్రీ సమస్య, మిగతా రెండూ రంగు సమస్యలు. ఫిల్లర్ ముఖ్యంగా మార్చేది జామెట్రీని. గోధుమ రంగును అది చెరపలేదు.

ఇది తేల్చుకోవడానికి మొదటి అడుగుగా ఒక అద్దం, ఒక కిటికీ చాలు. పగటిపూట కిటికీకి ఎదురుగా నిలబడి, వెలుగు నేరుగా ముఖం మీద పడేలా చూసుకోండి. గడ్డం కొంచెం పైకెత్తండి. హాస్టల్ ట్యూబ్‌లైటు కింద కనిపించిన నలుపు ఇక్కడ చాలావరకు పోయిందా? అయితే అది నీడ. పోకుండా అలాగే ఉందా? అది రంగు. తర్వాత కింది చర్మాన్ని వేలితో మెల్లగా పక్కకు లాగండి. గోధుమ రంగు దాదాపు అలాగే ఉంటే మెలనిన్. లాగినప్పుడు నీలం, ఊదా ఇంకా ముదిరితే కింది రక్తనాళాలు. చాలామందిలో ఇవి కలిసే ఉంటాయి, కాబట్టి ఏది ఎంత అన్నదే అసలు ప్రశ్న.

మా బ్యాచ్‌లో ఒకమ్మాయి సంగతి చెప్తాను. వయసు 20. ఒక క్లినిక్‌కి వెళ్తే, పైన సీలింగ్ లైటు కింద ఫోటో తీసి, "రెండు కళ్లకీ కలిపి ఒక సిరంజి సరిపోతుంది" అన్నారట. ఖర్చు పదుల వేలల్లో. అడ్వాన్స్ కట్టే ముందు మా కారిడార్ చివర కిటికీ దగ్గర ఈ పరీక్ష చేసి చూశాం. లోపలి మూల దగ్గర గాడి నీడ పోయింది. కానీ గోధుమ రంగు పోలేదు. పైగా అది కింద మాత్రమే కాదు, పై రెప్ప మీద కూడా ఉంది. పై రెప్పకి గుంటకీ సంబంధం లేదు కదా! తనకి డస్ట్ అలర్జీ, రోజంతా కళ్లు నలుపుకుంటూనే ఉంటుంది. రాత్రి కాటుక కూడా గట్టిగా రుద్ది తుడుస్తుంది. తర్వాత చూపించుకున్న స్కిన్ డాక్టర్ ముందు అలర్జీకి మందు రాసి, రుద్దడం మానమని, సన్‌స్క్రీన్ రోజూ వాడమని చెప్పారు. మూడు నెలలకి రంగు కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. గాడి మాత్రం అలాగే ఉంది. ఆ సిరంజి వేయించుకుని ఉంటే గాడి నిండేది, తనను బాధపెట్టిన రంగు మిగిలేది.

దీన్నిబట్టి క్రీముల హద్దు కూడా తెలుస్తుంది. సన్‌స్క్రీన్ రంగు ముదరకుండా ఆపుతుంది. విటమిన్ సి, తక్కువ మోతాదు రెటినాల్ లాంటివి నెలల మీద కొంచెం సాయం చేస్తాయి. కెఫీన్ ఉన్న జెల్ పొద్దుటి ఉబ్బును కొన్ని గంటలు తగ్గించవచ్చు. కానీ ఏ క్రీమూ గుంటను నింపదు. అలా రాసున్న డబ్బా కనబడితే అక్కడే పెట్టేసి రండి. మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చే "తెల్లబడే" ట్యూబుల సంగతి ఇంకా ఘోరం. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. ఒంట్లోనే అతి పల్చని చర్మం కంటిరెప్పది. దాని మీద స్టెరాయిడ్ రాస్తూ పోతే చర్మం ఇంకా పల్చబడి కింది నాళాలు మరింత కనబడతాయి, కంటిలో ప్రెషర్ కూడా పెరగొచ్చు.

మేకప్ నిజాయితీగా చేసేది ఒకటే పని: రంగును సరిదిద్దడం. మన చామనఛాయకి నీలం, ఊదా మీద ముందు పీచ్ లేదా నారింజ రంగు కరెక్టర్ పల్చగా అద్ది, దాని మీద మన ఒంటి రంగు కన్సీలర్ వేయాలి. కరెక్టర్ లేకుండా నేరుగా లేత రంగు కన్సీలర్ వేస్తే బూడిద పూసినట్టుంటుంది. గాడి కోసం అయితే, ఆ గీత వెంబడే ఒక్క షేడ్ తేలిక రంగు సన్నగా అద్దాలి. పక్కనున్న ఉబ్బు మీదకి అది పాకితే ఉబ్బు ఇంకా ఎత్తుగా కనిపిస్తుంది. ఎదుటి నుంచి వెలుగు ఉన్న వీడియో ఇంటర్వ్యూకి ఇది బాగానే సరిపోతుంది. పైనుంచి లైటు పడే సెమినార్ హాల్లో మాత్రం లోతు లోతుగానే ఉంటుంది. రోజూ చెయ్యాలి, చెమటకి కరుగుతుంది, మగపిల్లల్లో చాలామందికి మొహమాటం. ఈ ఇబ్బందులు నిజమే. అందుకే నిజంగా లోతైన గాడి ఉండి, ప్రతిరోజూ "ఏంట్రా, నిద్రపోలేదా?" అని అడిగించుకునేవాడు ఫిల్లర్ గురించి ఆలోచిస్తే నేను నవ్వను. సరైన మనిషికి, సరైన చేతిలో అది బాగా పనిచేస్తుంది.

ఇప్పుడు రెండో మాట, "కరిగించేయొచ్చు." ఇక్కడ ఎక్కువగా వాడేది హైలురోనిక్ ఆసిడ్ జెల్. ఒక్కో కంటికి అర మిల్లీలీటరు, అంతకన్నా తక్కువ. కండరం కింద, ఎముకకు ఆనించి, సూదితోనో మొద్దు మొన ఉన్న క్యాన్యులాతోనో మెల్లగా పెడతారు. ఈ జెల్‌ని హైలురోనిడేజ్ అనే ఎంజైమ్‌తో కరిగించవచ్చు. ఇంతవరకు నిజం. జెల్ మరీ పైపైన పడితే చర్మం కింద నీలి ఛాయ వస్తుంది. ఇంటర్ కెమిస్ట్రీలో కొల్లాయిడ్ల పాఠంలో చదివిన టిండాల్ పేరుతోనే డాక్టర్లు దాన్ని పిలుస్తారు. నలుపు పోగొట్టుకోవడానికి వెళ్లి నీలం తెచ్చుకోవడం అన్నమాట! ఈ జెల్ నీటిని పట్టుకుంటుంది కాబట్టి కొందరికి నెలల తర్వాత కూడా కళ్ల కింద ఉబ్బు వస్తుంది. ముందే పొద్దున్నే కళ్లు ఉబ్బేవాళ్లకి ఈ ప్రమాదం ఎక్కువ. గడ్డలు కట్టొచ్చు. ఏడాదిలో పోతుందన్న జెల్ కొందరిలో ఏళ్ల తరబడి ఉండిపోవడం ఎంఆర్ఐ స్కాన్లలో కనబడింది. వీటన్నిటికీ ఎంజైమ్ పనికొస్తుంది.

పనికిరాని సందర్భం ఒకటుంది. ముఖంలోని ధమనులు కంటి లోపలి ధమనులతో కలిసి ఉంటాయి. సూది మొన పొరపాటున ధమనిలోకి వెళ్లి, ఒత్తిడితో జెల్ తోస్తే, అది రక్తప్రవాహానికి ఎదురెళ్లి కంటి ధమనికి చేరి, తర్వాత ప్రవాహంతో పాటు రెటీనా ధమనిలోకి వెళ్లగలదు. రక్తం అందకపోతే రెటీనా నిమిషాల లెక్కన దెబ్బతింటుంది. గంటన్నర దాటితే ఆశ చాలా తక్కువ. ఎంజైమ్ జెల్‌ని కరిగిస్తుంది, చచ్చిపోయిన రెటీనాని బతికించదు. అలా పోయిన చూపు తిరిగి రావడం చాలా అరుదు. ఇది జరగడమూ చాలా అరుదే, ఆ మాట దాచను. కానీ కన్సీలర్ తప్పు జరిగితే ముఖం కడుక్కుంటాం. ఇక్కడ తప్పు జరిగితే ఒక కన్ను. "రివర్సిబుల్" అన్న మాట జెల్‌కి వర్తిస్తుంది, జరిగిన నష్టానికి కాదు.

ఇంకో సంగతి మన వయసుకు సంబంధించింది. అమెరికా ఎఫ్‌డీఏ ఈ చోటు కోసమే ఆమోదించిన జెల్స్‌లో 2022లో వచ్చిన జువెడెర్మ్ వోల్బెల్లా, 2023లో వచ్చిన రెస్టిలేన్ ఐలైట్ ఉన్నాయి. రెండూ 21 ఏళ్లు దాటిన వాళ్లకే. మనలో సగం మందికి ఇంకా ఆ వయసే లేదు.

అన్నీ ఆలోచించుకుని వెళ్లేవాళ్లు డబ్బు కట్టే ముందు కొన్ని అడగండి. సూది వేసేది ఎవరు? స్కిన్ డాక్టరా, ప్లాస్టిక్ సర్జనా, ఆక్యులోప్లాస్టీ సర్జనా, లేక మూడు రోజుల కోర్సు చేసిన ఇంకెవరైనానా? జెల్ పేరేమిటి, సీలున్న డబ్బా నా ముందే విప్పుతారా? హైలురోనిక్ ఆసిడ్ కాని ఫిల్లర్లు ఆ ఎంజైమ్‌తో కరగవు కాబట్టి ఈ ప్రశ్న ముఖ్యం. హైలురోనిడేజ్ ఇదే గదిలో ఉందా? చూపులో తేడా వస్తే ఏ కంటి ఆసుపత్రికి పంపుతారు, ఎంతసేపట్లో? తేనెటీగ కుడితే అలర్జీ వచ్చేవాళ్లు ఆ విషయం ముందే చెప్పాలి, ఎంజైమ్ వాళ్లకి పడకపోవచ్చు. ఈ ప్రశ్నలకి విసుక్కునే చోట కుర్చీలోంచి లేచి వచ్చేయండి.

వేయించుకున్నాక కాస్త కమిలినా, రెండు మూడు రోజులు వాచినా కంగారు అక్కర్లేదు. కానీ ఉన్నట్టుండి విపరీతమైన నొప్పి, చర్మం తెల్లగా పాలిపోవడం, వలలాంటి ఊదా గీతలు, చూపు మసకబారడం, రెప్ప వాలిపోవడం, వీటిలో ఏది కనిపించినా "పొద్దున చూద్దాంలే" అనకండి. వేసిన డాక్టర్‌కి ఫోన్ చేస్తూనే కంటి ఎమర్జెన్సీకి బయల్దేరండి.

నా ఓటు ఎటో అర్థమయ్యే ఉంటుంది. మీది రంగైతే సూది అవసరమే లేదు: అలర్జీ, ఎండ, రుద్దడం చూసుకోండి, కరెక్టర్ వాడండి. నీడైతే, ఇంటర్వ్యూలకి కన్సీలర్‌తో నెట్టుకురండి, ల్యాప్‌టాప్ వెనక ఒక లైటు పెట్టుకోండి. 21 దాటాక, మీ జీతంతో, నిదానంగా నిర్ణయించుకోండి. ఆ గాడి ఎక్కడికీ పోదు, తొందరేమీ లేదు.